సీటు కొనే ముందు రెండు రంధ్రాల లెక్క

కమోడ్ సీటు ఏ ఆకారంలో ఉన్నా దాన్ని పట్టి ఉంచేవి వెనక ఉండే రెండు బోల్టులే. పింగాణీకి ఉన్న రెండు రంధ్రాల్లోంచి అవి కిందికి దిగుతాయి. కొలత అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అమెరికా ఇళ్లలో సీట్లు ప్రధానంగా రెండు రకాలు, గుండ్రటివి, కోలవి. బోల్టు రంధ్రాల మధ్య నుంచి ముందు అంచు వరకు గుండ్రటి కమోడ్ సుమారు 16.5 అంగుళాలు, కోలది 18.5 అంగుళాలు ఉంటుంది. తేడా 2 అంగుళాలే. అయినా కోల కమోడ్‌కు గుండ్రటి సీటు వేస్తే ముందువైపు పింగాణీ బయటపడి ఉంటుంది. గుండ్రటిదానికి కోల సీటు వేస్తే ముందు భాగం కింద ఆధారం ఉండదు. కూర్చున్న ప్రతిసారీ బరువంతా హింజుల మీద పడి, సీటు పగలవచ్చు. మన దుకాణాల్లో డి ఆకారం, చతురస్రం కూడా దొరుకుతాయి కనుక పేరు చెప్పి అడిగితే సరిపోదు.

రంధ్రాల మధ్య దూరం కొలిచేటప్పుడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఒక్కో రంధ్రం అర అంగుళం వెడల్పు, వాటి కేంద్రాల మధ్య దూరం 5.5 అంగుళాలు అనుకుందాం. లోపలి అంచుల మధ్య కొలిస్తే 5 వస్తుంది, బయటి అంచుల మధ్య కొలిస్తే 6. రెండూ తప్పే. కేంద్రం ఎక్కడో కంటికి తేలకపోతే, ఎడమ రంధ్రం ఎడమ అంచు నుంచి కుడి రంధ్రం ఎడమ అంచుకు టేపు పెడితే సరిగ్గా 5.5 వస్తుంది. ఆ తర్వాత ముందు అంచు వరకు పొడవు, గిన్నె అత్యంత వెడల్పుగా ఉన్న చోట వెడల్పు కొలవాలి. గోడకు బిగించిన కమోడ్‌లలో చాలావాటికి కింద నట్టు తిప్పడానికి చేయి పట్టదు. వాటికి పైనుంచే బిగించే బోల్టులున్న సీటు అడగాలి.

నెమ్మదిగా మూసుకునే సీటు హింజులో చిక్కటి నూనె నింపిన చిన్న డ్యాంపర్ ఉంటుంది. మూత దిగే వేగాన్ని అదే ఆపుతుంది. తొందరపడి చేత్తో కిందికి నొక్కడం అలవాటైతే డ్యాంపర్ పాడవుతుంది. మూత ఒక్కసారిగా టప్పున పడటం మొదలైతే దాని పని అయిపోయినట్టే.

క్విక్ రిలీజ్ సీటు బటన్ నొక్కితే చేతిలోకి వస్తుంది, బోల్టులు గిన్నె మీదే ఉండిపోతాయి. ఇంట్లో కమోడ్ కడిగేవారికి దీని విలువ బాగా తెలుస్తుంది. మామూలు సీట్లకు హింజు కింద పసుపు మరక పేరుకుని, ఎంత తోమినా వాసన పోదు. దీన్ని ఎత్తి పక్కన పెడితే ఆ చోటు మొత్తం చేతికందుతుంది. తిరిగి పెట్టాక రెండువైపులా క్లిక్‌మన్న చప్పుడు వినాలి. ఒక పక్కే పట్టితే సీటు కూర్చున్నప్పుడు జరుగుతుంది. బోల్టులు మాత్రం చేత్తో బిగించి, పానాతో కొంచెమే తిప్పాలి. అతిగా బిగిస్తే పింగాణీ పగులుతుంది.