రెండో ఫిర్యాదు: బ్రాండ్ పేజీలో ప్రతికూల వ్యాఖ్యకు సమాధానం – నెస్లే (2010) ఉదంతం

కీలకపదాలు: వినియోగదారుల ఫిర్యాదు, సామాజిక మాధ్యమాలు, సంక్షోభ సంభాషణ, వ్యాఖ్యల తొలగింపు

ప్రవేశిక

ఒక సంస్థ ఫేస్‌బుక్ పేజీలో వినియోగదారుడు ఫిర్యాదు రాసినప్పుడు అక్కడ ఉండేది ఇద్దరు కాదు. రాసినవారు, సంస్థ తరఫున బదులిచ్చే ఉద్యోగి, వీరిద్దరినీ మౌనంగా గమనించే చూపరులు అని మూడు పక్షాలుంటాయి. చూపరులలో అధికులకు ఫిర్యాదులోని నిజానిజాలు తేల్చుకొనే ఆధారాలుండవు. సంస్థ ప్రవర్తన మాత్రం వారి కళ్లెదుటే జరుగుతుంది. అందుచేత సమాధానం వికటించినప్పుడు దాని నుంచి రెండో ఫిర్యాదు పుడుతుంది. దాన్ని నమ్మడానికి చూపరులకు వేరే సాక్ష్యం అక్కరలేదు. నెస్లే సంస్థకు 2010లో ఎదురైన అనుభవం ఇందుకు చక్కని నిదర్శనం.

నెస్లే ఉదంతం

2010 మార్చి 17న గ్రీన్‌పీస్ సంస్థ కిట్‌క్యాట్ వాణిజ్య ప్రకటనను వ్యంగ్యంగా అనుకరించే వీడియోను విడుదల చేసింది. అందులో ఒక ఉద్యోగి చాక్లెట్ పొట్లం విప్పగా ఒరాంగుటాన్ వేలు బయటపడుతుంది. పామాయిల్ తోటల కోసం ఇండోనేషియాలో అడవులను నరుకుతున్న సినార్ మాస్ సంస్థ సరుకును నెస్లే వాడుతోందన్నది ఆరోపణ. నెస్లే కాపీరైట్ కారణం చూపి వీడియోను యూట్యూబ్ నుంచి తీయించింది. అది వెంటనే ఇతర వేదికలపై కనిపించింది. తీయించారన్న వార్తే దానికి కొత్త ప్రేక్షకులను తెచ్చిపెట్టింది.

విమర్శకులు సంస్థ ఫేస్‌బుక్ పేజీకి చేరారు. కొందరు కిట్‌క్యాట్ చిహ్నాన్ని ‘కిల్లర్’ అని మార్చి తమ ప్రొఫైల్ చిత్రంగా పెట్టుకున్నారు. మార్చిన చిహ్నాలతో రాసే వ్యాఖ్యలను తొలగిస్తామని పేజీ నిర్వాహకులు ప్రకటించారు. అభ్యంతరం చెప్పినవారికి ఎత్తిపొడుపుగా బదులిచ్చారు. పేజీ తమది గనుక నియమాలూ తమవేనన్నారు. చివరకు తొలగింపు ఆపామనీ, దురుసుగా మాట్లాడినందుకు క్షమించమనీ రాయవలసివచ్చింది.

ఇక్కడ గమనించదగిన విషయం మరొకటుంది. సినార్ మాస్ నుంచి నేరుగా కొనడం మానుకున్నామని నెస్లే అప్పటికే తెలిపింది. అది సంపూర్ణ పరిష్కారం కాదు. మధ్యవర్తుల ద్వారా అదే నూనె వస్తోందని గ్రీన్‌పీస్ వాదన. అయినా చర్చించదగిన జవాబు సంస్థ చేతిలో ఉంది. పేజీలో చిహ్నం గురించిన తగవు దాన్ని మింగేసింది. న్యాయపరంగా చిహ్నంపై హక్కు సంస్థదే కావచ్చు. కాని అడవుల గురించి అడిగినవారికి చిహ్నం గురించి బదులివ్వడమే అసలు పొరపాటు.

సమాధానపు నిర్మాణం

ఆవకాయ అమ్మే ఒక చిన్న సంస్థను ఊహిద్దాం. సీసాలో బూజు పట్టిందని ఒకరు ఫొటోతో సహా రాశారు. “మా నాణ్యతలో రాజీ ఉండదు, మీరు సరిగా నిల్వ చేసి ఉండరు” అన్న జవాబు విచారణకు ముందే తీర్పు చెబుతుంది. దాని బదులు ఇలా రాయవచ్చు: “మీరు పంపిన ఫొటో చూశాం. ఇలా జరిగినందుకు విచారిస్తున్నాం. ఆ సీసాలోని పచ్చడి తినవద్దు. మూతపై ఉన్న బ్యాచ్ సంఖ్యను ఇన్‌బాక్స్‌లో పంపండి. అదే బ్యాచ్ సీసాలను పరిశీలించి రేపు సాయంత్రం ఆరు గంటలలోగా ఇక్కడే ఫలితం చెబుతాం.” ఇందులో తప్పు ఒప్పుకోలేదు, నిరాకరించనూ లేదు. చూసినది ఏమిటో, చేయబోయేది ఏమిటో, గడువు ఎంతో ఉన్నాయి. ‘ఇక్కడే’ అన్న మాట ముఖ్యం. చాలా సంస్థలు సంభాషణను ఇన్‌బాక్స్‌కు మళ్లించి అక్కడే ముగిస్తాయి. చూపరులకు ఫిర్యాదు మాత్రమే మిగులుతుంది. పరిశీలన పూర్తికాకపోయినా ఆరు గంటలకు ఆ మాటే రాయాలి. ఈలోగా ముందుగా షెడ్యూల్ చేసిన పండుగ ఆఫర్ల పోస్టులను నిలిపివేయడం మరువరాదు.

ఫిర్యాదుదారు తెలుగును రోమన్ లిపిలో రాసినప్పుడు అచ్చులో పోసినట్టుండే ఆంగ్ల సందేశం పెడితే, ఎవరూ చదవలేదన్న అనుమానమే బలపడుతుంది.

తొలగింపు విషయంలో బెదిరింపులు, బూతులు, ఇతరుల వ్యక్తిగత వివరాలు ఉన్న వ్యాఖ్యలను తీసివేయవచ్చు. అయితే ఆ నియమం వివాదానికి ముందే పేజీలో కనిపించాలి. మధ్యలో పుట్టిన నియమానికి విలువ ఉండదు. ఫేస్‌బుక్‌లో దాచిన వ్యాఖ్య రాసినవారికీ వారి మిత్రులకూ కనిపిస్తూనే ఉంటుంది కనుక దాచడం కూడా ఎక్కువకాలం దాగదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. బూజు పట్టిన సీసా సంగతి పేజీ ఉద్యోగి స్థాయిలో తేలుతుంది. పామాయిల్ ఎక్కడ కొనాలన్నది తేలదు. నెస్లే 2010 మే 17న అడవుల నరికివేతతో ముడిపడిన సరఫరాదారులను తప్పిస్తామని ప్రకటించి, వారిని గుర్తించే పనిలో ‘ది ఫారెస్ట్ ట్రస్ట్’ సంస్థను భాగస్వామిగా చేసుకుంది. ఆ నిర్ణయం తీసుకోగల అధికారం ఉన్నవారు మార్చి నెలలో పేజీలో జవాబులు రాస్తున్నవారు కారు.