మోచేతికి అంకెలు రావు

తొమ్మిదో తరగతిలో ఉష్ణోగ్రత పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, మా అక్కకి పాప పుట్టిందండీ. మా అమ్మమ్మ బకెట్లో మోచేయి ముంచి 'సరిపోయాయి' అంటుంది. ఎన్ని డిగ్రీలో మోచేతికి ఎలా తెలుస్తుందండీ?"

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు మూడు గిన్నెలు తెప్పించాను. ఒకదాంట్లో ఐసు నీళ్ళు, ఒకదాంట్లో ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు, మధ్య గిన్నెలో మామూలు కుళాయి నీళ్ళు పోయించాను. ఆ అమ్మాయి కుడిచెయ్యి చన్నీళ్ళలో, ఎడమచెయ్యి వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి, రెండింటినీ ఒక్కసారి మధ్య గిన్నెలో ముంచింది. కుడిచేతికి ఆ నీళ్ళు వెచ్చగా తగిలాయి, ఎడమచేతికి చల్లగా తగిలాయి. నీళ్ళు ఒకటే, మనిషీ ఒకరే, తీర్పులు మాత్రం రెండు.

ఈ వింతను జాన్ లాక్ అనే ఇంగ్లండు తత్వవేత్త 17వ శతాబ్దం చివర్లోనే తన గ్రంథంలో రాశాడు. ఒకే నీళ్ళు ఒక చేతికి వేడిగా, మరో చేతికి చల్లగా ఉండగలవని చూపించి, వేడి అని మనకు తోచేది నీళ్ళలో ఉన్న గుణం కాదని వాదించాడు. ఒకవైపు చర్మం, మరోవైపు థర్మామీటరు గాజుగొట్టం. వేడిని తేల్చడంలో ఈ రెండింటికీ ఉన్న పోటీ కథ నాకు చాలా ఇష్టం.

ముందు చర్మం సంగతి చూద్దాం. మోచేయి ముంచినప్పుడు మనకు తెలిసేది నీళ్ళ ఉష్ణోగ్రత కాదు. నీళ్ళ నుంచి చర్మంలోకి వేడి ఎంత వేగంగా వస్తోందన్నదే తెలుస్తుంది. ఆ వేగం నీళ్ళ మీద ఎంత ఆధారపడుతుందో, అప్పటికి చర్మం ఎంత వెచ్చగా ఉందన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. పైగా మోచేతి వెనక నెత్తురు ఆగకుండా పారుతూ ఉంటుంది. అది చర్మాన్ని ఎప్పటికప్పుడు తన వేడి వైపు లాక్కుంటూనే ఉంటుంది. కాబట్టి మోచేయి ఎన్నడూ నీళ్ళతో సమానం కాదు.

థర్మామీటరు దారి దీనికి పూర్తిగా ఎదురు. దానికి సొంత వేడి లేదు. నీళ్ళలో పెట్టగానే నీళ్ళ వేడికి లొంగిపోతుంది. రెండూ సమానమయ్యాక కదలిక ఆగిపోతుంది. ఆగిన చోట ఉన్న అంకే ఉష్ణోగ్రత. దాని గొప్పంతా ఈ లొంగిపోవడంలోనే ఉంది.

ఇందులో ఒక చక్కటి కిటుకు ఉంది. ఎర్రరంగు వేసిన స్పిరిట్ ఒక డిగ్రీ వేడెక్కితే వెయ్యింట ఒక వంతు మాత్రమే ఉబ్బుతుంది. కంటికి ఆనని ఆ ఉబ్బును కనిపించేలా చేయడమే థర్మామీటరు చేసే పని. గాజు బల్బులో రెండు చుక్కల స్పిరిట్, అంటే దాదాపు 100 ఘనపు మిల్లీమీటర్లు ఉందనుకోండి. ఒక డిగ్రీకి అది 0.1 ఘనపు మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ పెరిగిన కాస్తా 0.3 మిల్లీమీటర్ల రంధ్రమున్న కేశనాళికలోకే ఎక్కాలి, దానికి వేరే దారి లేదు. అప్పుడు స్తంభం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గొట్టం ఇంకా సన్నబడితే ఇంకా ఎత్తుకు లేస్తుంది. పెద్ద కడుపు, సన్నని గొంతు ఉన్న ఆ ఆకారమే కనపడని మార్పును కొలిచే గీతగా మార్చింది.

మొదట్లో గొట్టం ఒక చివర తెరిచి ఉండేది. అందుకే వాన మబ్బు కమ్మి గాలి పీడనం మారినా స్తంభం కదిలేది. 17వ శతాబ్దంలో ఇటలీలో గొట్టాన్ని మూసేశాక ఆ తప్పు పోయింది. ఆ తర్వాత ఫారన్‌హీట్ పాదరసం నింపి, నమ్మదగిన కొలబద్ద కట్టాడు. 1724లో ఆయన ప్రకటించిన మూడు గుర్తుల్లో ఒకటి ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లోనో చంకలోనో ఉండే వేడి. దానికి ఆయన 96 అని గుర్తు పెట్టాడు. అంటే మనిషి ఒంటిని కొలబద్ద మీద గుర్తుగా తీసుకున్నాడు గానీ న్యాయమూర్తిగా కూర్చోబెట్టలేదు. ఇప్పుడు డిజిటల్ వాటిలో పాదరసం బదులు థర్మిస్టర్ ఉంటోంది. అది వేడెక్కిన కొద్దీ కరెంటును అడ్డుకోవడం తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌ల నిరోధం ఉండే సాధారణ థర్మిస్టర్‌లో 37 నుంచి 38కి వెళ్తే 240 ఓమ్‌ల దాకా తగ్గుతుంది. లోపలి చిప్‌కు ఆ తేడా చాలు.

ఇక బకెట్ దగ్గరికి వద్దాం. పసిబిడ్డ స్నానానికి నీళ్ళు 37 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ అమ్మాయి వాళ్ళింట్లో లెక్క ప్రకారం నాలుగు చెంబుల గీజరు నీళ్ళకు ఏడు చెంబుల కుళాయి నీళ్ళు కలుపుతారు. గీజరు నీళ్ళు 60, కుళాయి నీళ్ళు 25 అయితే నాలుగు అరవైలు 240, ఏడు పాతికలు 175. మొత్తం 415ను పదకొండు చెంబులకు పంచితే 37.7 వస్తుంది. అమ్మమ్మ లెక్క చక్కగా కుదిరింది.

అదే లెక్కతో పుష్యమాసంలో పోస్తే? కుళాయి నీళ్ళు 20కి దిగితే బకెట్లో 34.5 డిగ్రీలే ఉంటాయి. మే నెలలో మేడ మీద ట్యాంకు ఎండకు కాగి కుళాయి నీళ్ళే 35 ఉంటే బకెట్లో 44 దాటుతుంది. చెంబులు మారలేదు, నీళ్ళు మాత్రం దాదాపు పది డిగ్రీలు మారాయి.

ఈ రెండు తప్పుల్నీ మోచేయి పట్టుకుంటుందా? నాకు భయం కలిగించే సంగతి ఇక్కడే ఉంది. చలికాలం తెల్లవారుజామున మోచేతి చర్మం చల్లబడి ఉంటుంది కాబట్టి 34.5 డిగ్రీల నీళ్ళు దానికి హాయిగా, వెచ్చగా తగులుతాయి. ఎండాకాలంలో చర్మం అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి 44 డిగ్రీలు ఉండాల్సినంత వేడిగా తోచవు. నీళ్ళు ఎటు తప్పాయో మోచేయి కూడా అటే తప్పుతుంది. అలాంటప్పుడు అది తప్పును పట్టుకోదు, సరేనంటూ తల ఊపుతుంది.

చర్మంలో మంటను గుర్తించే ఒక గ్రాహకం 43 డిగ్రీల చుట్టుపక్కల మేల్కొంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ అది మేల్కొనాలంటే అది ఉన్న లోపలి పొర అంత వేడెక్కాలి. ఒక్క క్షణం ముంచి తీసేస్తే ఆ పొర వేడెక్కడానికి వ్యవధి చాలదు. బిడ్డ మాత్రం ఆ నీళ్ళ కింద నిమిషాల తరబడి ఉంటుంది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు చర్మం కాలడానికి వేడి ఒక్కటే కాదు, అది తగిలే సమయమూ ముఖ్యమేనని చూపించారు. 44 డిగ్రీల దగ్గర గంటలు పట్టే గాయం 60 డిగ్రీల దగ్గర అయిదారు సెకన్లలోనే అవుతుంది. అది పెద్దవాళ్ళ చర్మం లెక్క. పసిచర్మం ఇంకా పల్చన, దానికి అంత వ్యవధి కూడా అక్కర్లేదు.

స్నానం చేయించే పెద్దావిడకు ఏళ్ళ తరబడి షుగర్ ఉండి నరాలు మొద్దుబారి ఉంటే, వేడి తెలిసే శక్తి ఇంకా తగ్గిపోతుంది. ఆ సంగతి ఆవిడకే తెలియకపోవచ్చు కూడా.

గది విషయంలోనూ చర్మం ఇలాగే పొరబడుతుంది. స్నానం చేయించే మనిషి పని చేస్తూ ఉంటుంది, ఆవిరి తగులుతూ ఉంటుంది, ఆమెకు చెమట పడుతుంది. గది వెచ్చగానే ఉందనుకుంటుంది. బిడ్డ ఒంటి మీద ఒక చెంచా నీళ్ళు, అంటే 5 గ్రాములు, ఆవిరైపోతే 12 కిలోజౌళ్ళ వేడి పోతుంది. ఆ వేడంతా బిడ్డ ఒంటి నుంచే పోయిందనుకుంటే 3 కిలోల బిడ్డ ఒక డిగ్రీకి పైగా చల్లబడుతుంది. పసిబిడ్డ మనలా వణికి వేడి పుట్టించుకోలేదు. అందుకే పసిబిడ్డ ఉండే గది 25 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మొదటి స్నానాన్ని పుట్టిన 24 గంటల తర్వాతే చేయించమంటుంది. గది థర్మామీటరును గోడకు మేకు కొట్టి తగిలిస్తే అది గోడ వేడినే చెబుతుంది. ఎండ పడని చోట, ఏసీ గాలి నేరుగా తగలకుండా, బిడ్డ పడుకునే ఎత్తులో పెట్టాలి. స్నానానికి ముందు ఫ్యాను, ఏసీ ఆపి 25 నుంచి 28 మధ్య ఉందో లేదో చూసుకోవాలి.

థర్మామీటరు కూడా తప్పు చెప్పగలదు. గొట్టంలో ఎర్రస్తంభం మధ్యలో తెగి ఉంటే ఆ అంకె పనికిరాదు. కొత్తది కొన్నప్పుడు ఒక మగ్గు గోరువెచ్చని నీళ్ళలో దాని మొనను, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు మొనను పక్కపక్కన ముంచి చూడండి. ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా వస్తే దాన్ని నమ్మకండి. నుదుటి మీద గురిపెట్టే పరికరం నీళ్ళకు వద్దు. అది నీళ్ళ పైపొరను మాత్రమే చూస్తుంది, ఒంటికోసం వేసిన సవరణను నీళ్ళకూ కలిపేస్తుంది. జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటరును బకెట్లో అసలు పెట్టకూడదు. అది కొలవగలిగేది 42 డిగ్రీల దాకానే. వేడి మించితే పగులుతుంది, పాదరసం నీళ్ళలో కలుస్తుంది.

ఆ అమ్మాయికి చివరికి ఇలా చెప్పాను. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలపండి. వేడినీళ్ళు పైకి తేలతాయి కాబట్టి అడుగు నుంచి చెయ్యి పెట్టి బాగా కలియబెట్టండి. థర్మామీటరు మొన మధ్యలో ఉంచి, అంకె కదలడం ఆగాక చదవండి. 37, 38 మధ్య ఉంటేనే బిడ్డను తీసుకురండి. బిడ్డ కాళ్ళ మీద ఉండగా బకెట్లోకి వేడినీళ్ళు వంచకండి.

అంకె సరిగ్గా ఉన్నాక అమ్మమ్మను మోచేయి పెట్టి చూడమనండి. అంకె 37 అన్నా ఆవిడ 'కాలుతున్నాయి' అంటే ఆవిడ మాటే వినండి, నీళ్ళు పొయ్యకుండా ఆగి థర్మామీటరును పరీక్షించండి. మోచేతికి 'వద్దు' అనే హక్కు ఉంది. 'సరిపోయాయి' అని చెప్పే హక్కు మాత్రం థర్మామీటరుదే.