చాలని వేడితో వెలిగే సూర్యుడు

సూర్యుడి నడిబొడ్డున ఉష్ణోగ్రత దాదాపు కోటిన్నర డిగ్రీలు. మన ఊహకు అందని వేడి అది. అయినా సూర్యుడు చేయాల్సిన పనికి ఆ వేడి చాలదు. కొద్దిగా తగ్గడం కాదు, వందల రెట్లు తక్కువ.

ఆ పనేమిటో ముందు చూద్దాం. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే నాలుగు ప్రోటాన్లు, అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకం కావాలి. నాలుగు ప్రోటాన్ల బరువు కన్నా వాటితో తయారైన హీలియం బరువు 0.7 శాతం తక్కువ. ఆ తగ్గిన ద్రవ్యరాశే శక్తిగా మారి బయటపడుతుంది. సూర్యుడిలో ఇలా సెకనుకు 60 కోట్ల టన్నులకు పైగా హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. మన దాకా వచ్చే ఎండకు మూలం ఇదే.

చిక్కంతా మొదటి అంచెలో ఉంది. ప్రోటాన్లన్నిటికీ ధనావేశమే కాబట్టి దగ్గరికొచ్చే కొద్దీ అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఎడం సగానికి తగ్గితే తోపుడు బలం నాలుగు రెట్లవుతుంది. దీన్ని లెక్కకట్టి చూపినవాడు 18వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్. అందుకే ప్రోటాన్ల మధ్య నిలిచే ఈ అడ్డుగోడకు కూలుంబ్ గోడ అని పేరు. రెండు ప్రోటాన్లను దగ్గరకు లాగి పట్టుకోగలిగేది కేంద్రక బలం ఒక్కటే. అయితే దాని చేయి పొట్టిది. ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల ఎడానికి వస్తే గానీ దానికి పట్టు చిక్కదు. ఫెమ్టోమీటరంటే మిల్లీమీటరులో లక్ష కోట్ల వంతు. అంత దగ్గరికి చేరేలోపు దారంతా కూలుంబ్ వికర్షణదే రాజ్యం.

ఇక అంకెల్లోకి వద్దాం. రెండు ప్రోటాన్లను ఒక ఫెమ్టోమీటరు ఎడానికి నెట్టాలంటే సుమారు 14 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సూర్యుడి నడిబొడ్డున ఒక ప్రోటాన్‌కు సగటున ఉండేది రెండు వేలు. ఆ శక్తితో ఎదురెదురుగా వచ్చిన ప్రోటాన్లు 700 ఫెమ్టోమీటర్ల దూరంలోనే ఆగి వెనుదిరగాలి. సగటు సంగతి సరే, అందరికంటే వేగంగా పోయే ప్రోటాన్లు కొన్ని ఉంటాయి కదా అంటారా? ఉంటాయి. కానీ సగటుకు ఏడు వందల రెట్ల శక్తి ఉన్న ప్రోటాన్ దొరికే అవకాశాన్ని అంకెల్లో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత వందలకొద్దీ సున్నాలు పెట్టాలి. సూర్యుడిలోని ప్రోటాన్లన్నీ కలిపితే 1 పక్కన 57 సున్నాలు. అంటే మొత్తం సూర్యుణ్ని గాలించినా అలాంటి ప్రోటాన్ ఒక్కటీ దొరకదు. పాత భౌతికశాస్త్రం ప్రకారం సూర్యుడు వెలగకూడదు.

1920లలో ఆర్థర్ ఎడింగ్టన్‌కు ఎదురైన అభ్యంతరం ఇదే. నక్షత్రాల వెలుగుకు మూలం హైడ్రోజన్ హీలియంగా మారడమేనని ఆయన నమ్మకం. ఆ పనికి నక్షత్రాల వేడి చాలదని తోటి శాస్త్రవేత్తల వాదన. ఎడింగ్టన్ మాత్రం పట్టు సడలించలేదు. ఆయన దగ్గర ఆధారం ఉందా అంటే, లేదు. కానీ విశ్వంలో హీలియం ఉంది కాబట్టి అది ఎక్కడో ఒకచోట తయారై తీరాలన్న తర్కం ఉంది. నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనేనన్న సంగతి అప్పటికి స్థిరపడనే లేదు. మన మేఘనాథ్ సాహా కట్టిన అయనీకరణ సమీకరణాన్ని ఆధారం చేసుకుని సిసీలియా పేన్ 1925లో ఆ మాట తేల్చింది. దాన్ని పెద్దలు ఒప్పుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది.

దారి దొరికింది పూర్తిగా వేరే వైపు నుంచి. యురేనియం లాంటి బరువైన కేంద్రకాల్లోంచి ఆల్ఫా కణాలు బయటికి వస్తుంటాయి. అడ్డుగోడ ఎక్కి దిగేంత శక్తి వాటికి లేదు, అయినా వస్తాయి. ఎలా వస్తున్నాయో 1928లో జార్జ్ గామో అనే 24 ఏళ్ల కుర్రాడు క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. అదే ఏడాది గర్నీ, కాండన్ అనే మరో ఇద్దరు విడిగా ఇదే నిర్ణయానికి వచ్చారు. లోపలి కణం గోడ దాటి బయటికి రాగలిగితే, బయటి కణం అదే దారిన లోపలికి ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న వేసుకుని 1929లో నక్షత్రాలకు లెక్కకట్టినవాళ్లు అట్కిన్సన్, హౌటర్‌మన్స్.

ఆ దారి పేరే టన్నెలింగ్. క్వాంటం సిద్ధాంతంలో ప్రోటాన్ ఒక చుక్క దగ్గర కచ్చితంగా ఉండే గోళీ కాదు. అది ఎక్కడ ఎంత మేరకు కనిపించవచ్చో చెప్పే తరంగం ఒకటి దానికి ఉంటుంది. మామూలు లెక్కలో ప్రోటాన్ ఆగి వెనుదిరగాల్సిన చోట ఈ తరంగం ఠక్కున తెగిపోదు. గోడ లోపలికి చొచ్చుకుపోతూ క్రమంగా సన్నగిల్లుతుంది. గోడ మందంగా ఉంటే అవతలి వైపుకు చేరేసరికి దాదాపు ఏమీ మిగలదు. కానీ "దాదాపు ఏమీ లేదు" వేరు, "సున్నా" వేరు. సూర్యుడి బతుకంతా ఆ తేడా మీదే నడుస్తోంది.

ఇక్కడ ఒక మాట. ప్రోటాన్ ఎక్కడి నుంచో శక్తి అప్పు తెచ్చుకుని, గోడ దూకి, ఆ అప్పు తీర్చేస్తుందని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. గోడకు ఇవతల ఎంత శక్తి ఉందో అవతలా అంతే ఉంటుంది, మధ్యలో అప్పులూ లేవు, వడ్డీలూ లేవు.

గోడ దాటే అవకాశం ఎంత? రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టులతో ఢీకొన్న జంటకు సుమారు 65 లక్షల్లో ఒకటి. శక్తి మూడు రెట్లు పెరిగి ఆరు వేలైతే, ఆగాల్సిన దూరం 240 ఫెమ్టోమీటర్లకు తగ్గుతుంది, గోడ పలచబడుతుంది. అప్పుడు అవకాశం దాదాపు తొమ్మిది వేలలో ఒకటికి ఎగబాకుతుంది. అలాగని ఇంకా వేగం ఉన్నవాటి కోసం చూస్తే అలాంటివి అరుదు. నెమ్మదివాటికి సంఖ్యాబలం ఉంది గానీ గోడ దాటే సత్తా లేదు, వేగం ఉన్నవాటికి సత్తా ఉంది గానీ సంఖ్యాబలం లేదు. ఈ రెంటికీ రాజీ కుదిరేది ఆరు వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. సూర్యుడిలో జరిగే తొలి కలయికల్లో ఎక్కువ భాగం ఆ పరిసరాల్లోనివే. శాస్త్రవేత్తలు దీన్ని గామో శిఖరం అంటారు.

చాలా వ్యాసాలు కథను ఇక్కడితో ముగించేస్తాయి. ఇది సగం కథే. తొమ్మిది వేలలో ఒకటి అన్నది అంత చిన్న అవకాశమేమీ కాదు. సూర్యుడి గర్భంలో ప్రోటాన్లు ఎడతెరిపి లేకుండా ఢీకొంటూనే ఉంటాయి. టన్నెలింగ్ ఒక్కటే అడ్డయి ఉంటే సూర్యుడి ఇంధనం ఎప్పుడో హరించుకుపోయేది. అసలు కాపలా గోడకు అవతల ఉంది.

గోడ దాటి పక్కపక్కకు చేరిన రెండు ప్రోటాన్లు కలిసి ఉండలేవు. రెండు ప్రోటాన్లే ఉన్న కేంద్రకం నిలవదు, కేంద్రక బలం వాటిని పట్టి ఉంచడానికి కాస్తంతలో చాలదు. అందుకే దాదాపు ప్రతిసారీ అవి వచ్చిన దారినే విడిపోతాయి. నిలవాలంటే, కలిసి ఉన్న ఆ క్షణకాలంలోనే ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారిపోవాలి. అలా మారితే ఒక పాజిట్రాన్, ఒక న్యూట్రినో వెలువడి, ప్రోటాన్, న్యూట్రాన్ జతకట్టిన డ్యుటీరియం కేంద్రకం మిగులుతుంది. ఈ మార్పిడి చేసేది బలహీన కేంద్రక బలం. పేరుకు తగ్గట్టే అది మహా మందకొడి. ఫలితంగా సూర్యుడి నడిబొడ్డున ఒక ప్రోటాన్‌కు జత కుదరడానికి సగటున పట్టే కాలం వెయ్యి కోట్ల ఏళ్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఆలస్యానికి అసలు కారణం బలహీన బలమేనని ఎలా చెప్పగలం? తర్వాతి అంచె చూస్తే చాలు. డ్యుటీరియానికి ఇంకో ప్రోటాన్ తగిలి హీలియం-3 అవుతుంది. ఇక్కడా రెండు వైపులా ఒక్కొక్క ధనావేశమే, గోడ అదే. డ్యుటీరియం బరువు ఎక్కువ కాబట్టి టన్నెలింగ్ ఇంకొంచెం కష్టం కూడా. కానీ ఈసారి ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారాల్సిన పని లేదు. అందుకే ఈ అంచె కొద్ది సెకన్లలో పూర్తవుతుంది. అదే గోడ, అదే వేడి, ఒకచోట వందల కోట్ల ఏళ్లు, ఇంకోచోట సెకన్లు. తేడా అంతా బలహీన బలానిదే.

చివరి అంచెలో రెండు హీలియం-3 కేంద్రకాలు కలిసి మామూలు హీలియం తయారవుతుంది, రెండు ప్రోటాన్లు తిరిగి బయటికొస్తాయి. ఇక్కడ ఆవేశం రెట్టింపు కాబట్టి గోడ ఎత్తూ పెరుగుతుంది, లక్షల ఏళ్లు పడుతుంది. పక్కదారులు వేరే ఉన్నాయి గానీ రాజమార్గం ఇదే. హాన్స్ బేతే, చార్లెస్ క్రిచ్‌ఫీల్డ్ తొలి అంచె లెక్కను 1938లో ప్రచురించారు. నక్షత్రాల శక్తి మీద చేసిన కృషికి బేతేకు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత నెమ్మదిగా సాగే పని కాబట్టే సూర్యుడి నడిబొడ్డున ఒక ఘనమీటరు పదార్థం ఇచ్చే శక్తి 300 వాట్ల లోపే. మన పొలాల గట్లమీద ఆవిర్లు కక్కే పెంటకుప్ప నుంచి కూడా ఘనమీటరుకు ఇంచుమించు అంత వేడి వస్తుంది. మరి ఆ ప్రచండమైన వెలుగు ఎక్కడిది? పరిమాణం వల్ల వచ్చింది. కుప్ప అంత పెద్దది.

ఇదంతా కాగితం మీది లెక్కేనా అన్న అనుమానం న్యాయమైనదే. ప్రోటాన్, ప్రోటాన్ కలయిక ఎంత అరుదంటే దాని వేగాన్ని ఏ ప్రయోగశాలలోనూ నేరుగా కొలవలేకపోయారు, సిద్ధాంతం నుంచి లెక్కకట్టిన విలువే వాడుతున్నారు. కానీ ఆ కలయికలో పుట్టే న్యూట్రినోలు సూర్యుణ్ని దాటుకుని ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి వచ్చేస్తాయి. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద ఉన్న బొరెక్సీనో పరికరం వాటిని నేరుగా పసిగట్టినట్టు 2014లో ప్రకటించారు. భూమి మీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు 6,000 కోట్లకు పైగా ఇలాంటి న్యూట్రినోలు పోతున్నాయని తేలింది. లెక్క చెప్పిందీ అంతే.

ఇక పత్రికల్లో తరచూ కనిపించే "భూమ్మీద సూర్యుడు" అన్న శీర్షిక సంగతి. ఫ్రాన్స్‌లో మన దేశం కూడా భాగస్వామిగా కడుతున్న ఐటర్ రియాక్టరు సూర్యుడి దారిని అనుసరించడం లేదు, అనుసరించలేదు కూడా. మామూలు హైడ్రోజన్‌తో మొదలుపెడితే బలహీన బలం దగ్గర ఆగిపోతాం. అందుకే అక్కడ డ్యుటీరియాన్నీ ట్రిటియాన్నీ వాడతారు. వాటిలో న్యూట్రాన్లు ముందే ఉన్నాయి కాబట్టి మార్పిడి కోసం ఎదురుచూడక్కర్లేదు, గోడ దాటితే చాలు. సూర్యుడికున్నంత సాంద్రత, తీరిక మనకు లేవు కాబట్టి వేడి మాత్రం 15 కోట్ల డిగ్రీలు కావాలి, సూర్యుడి నడిబొడ్డుకు పది రెట్లు. ఈసారి అలాంటి శీర్షిక కంటబడితే ముందు ఇంధనం ఏమిటో చూడండి. మామూలు హైడ్రోజన్ అని రాసి ఉంటే ఆ వార్త తప్పు.