భూకంపం పుట్టే లోతుకు ఒక అడుగుంది

కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ పగులు వెంబడి ఇన్నేళ్లుగా నమోదైన భూకంపాలను, అవి మొదలైన లోతును బట్టి, ఒక నిలువు పటం మీద చుక్కలుగా పెట్టి చూడండి. నేల నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దాకా చుక్కలు కిక్కిరిసి ఉంటాయి. పదిహేను దాటేసరికి చాలాచోట్ల దాదాపు ఖాళీ. అలాగని పగులు అక్కడితో అయిపోలేదు. పగులుకు ఇరువైపులా ఉన్న నేల ఏడాదికి మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతోంది. పైన ఎంత జరుగుతోందో కిందా అంత జరగాల్సిందే. మరి కింద ఆ చప్పుడు ఎందుకు లేదు?

కారణం వేడి. భూమి లోపలికి దిగేకొద్దీ కిలోమీటరుకు సుమారు పాతిక డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పన్నెండు కిలోమీటర్ల దగ్గర 300 డిగ్రీలు దాటుతుంది. గ్రానైట్ కరగడానికి అది బొత్తిగా చాలదు. చాలామంది లోపల రాయి ద్రవంగా ఉంటుందనుకుంటారు కానీ అక్కడ ఉన్నది గట్టి రాయే. అయితే గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంది. 300 డిగ్రీల దగ్గర దాని స్ఫటికాల్లోని అణువుల వరసలు ఒత్తిడికి మెల్లగా జరగడం మొదలుపెడతాయి. రాయి పగలకుండానే ఆకారం మారుతుంది. ఫెల్డ్‌స్పార్ ఇంకా మొండిది, 450 డిగ్రీల దాకా లొంగదు. కానీ గ్రానైట్‌లో పావు వంతుకు పైగా ఉండే క్వార్ట్జ్ లొంగితే చాలు, మొత్తం రాయి దాని దారిన పోతుంది.

పై భాగంలో కథ వేరు. అక్కడ రాయి పెళుసు. పగులుకు రెండువైపులా ఉన్న రాళ్లు రాపిడి వల్ల పట్టుకుని ఉంటాయి. దశాబ్దాలపాటు ఒత్తిడి పోగై, రాపిడిని మించిన క్షణాన ఒక్కసారిగా జారతాయి. అదే భూకంపం. లోతు పెరిగేకొద్దీ మీది రాళ్ల బరువు పెరుగుతుంది కనుక ఆ పట్టు కూడా బిగుస్తుంది. రాపిడిని చూస్తే రాయి బలం కిందికి పెరుగుతూ పోవాలి, వేడిని చూస్తే తగ్గుతూ పోవాలి. ఈ రెండూ కలిసే చోట రాయి అన్నిటికన్నా బలంగా ఉంటుంది. పెద్ద భూకంపాలు చాలావరకు ఆ అడుగు పొర దగ్గర మొదలై పైకి చీల్చుకుంటూ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ హద్దు గోడలా స్థిరమైనది కాదు. లాగే వేగాన్ని బట్టి కూడా మారుతుంది. గోరువెచ్చని బెల్లం పాకాన్ని నెమ్మదిగా లాగితే తీగలా సాగుతుంది, విసురుగా లాగితే తెగుతుంది. 1992 జూన్ 28న కాలిఫోర్నియా ఎడారిలోని ల్యాండర్స్ దగ్గర 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ వెంటనే వచ్చిన అనంతర ప్రకంపనల్లో కొన్ని, అంతకుముందు అక్కడ భూకంపాలు పుట్టిన లోతు కన్నా కిందకు దిగాయి. పెద్ద కదలిక కింది రాయిని మామూలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగింది. సాగడానికి వ్యవధి లేక అది విరిగింది. తర్వాతి ఏళ్లలో లాగుడు నెమ్మదించేకొద్దీ ప్రకంపనల అడుగు మళ్లీ పైకి వచ్చింది. వేడి, వేగం రెండూ కలిసి ఈ హద్దును గీస్తాయనడానికి ఇంతకన్నా తేటైన రుజువు నాకు కనపడదు.

అదే రాష్ట్రంలో గీజర్స్ అనే ఆవిరి క్షేత్రం ఉంది. అక్కడ నేల బాగా వేడి కాబట్టి భూకంపాలు పైపైన కొన్ని కిలోమీటర్లకే పరిమితం. దీనికి పూర్తి వ్యతిరేకం హిందూకుష్. అక్కడ 200 కిలోమీటర్ల లోతు నుంచి వచ్చిన కుదుపులు ఢిల్లీ దాకా తెలుస్తుంటాయి. చల్లని ఫలకం భూగర్భంలోకి మునిగి, ఇంకా వేడెక్కకుండానే అంత లోతుకు చేరడం దీనికి మూలం. అంత ఒత్తిడిలో మామూలు రాపిడి లెక్క పనిచేయదు. ఆ భూకంపాలు పుట్టే తీరు మీద శాస్త్రవేత్తల్లో చర్చ ఇప్పటికీ నడుస్తోంది.

వార్తల్లో కనిపించే లోతు అంకెను మాత్రం కొంచెం జాగ్రత్తగా చదవాలి. కంపం పుట్టిన చోటికి దగ్గర్లో కేంద్రాలు లేకపోతే లోతు సరిగ్గా తేలదు. అలాంటప్పుడు అమెరికా భూగర్భ సర్వే సంస్థ తరచుగా 10 కిలోమీటర్లని వేసేస్తుంది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో కంపించినప్పుడు జాతీయ భూకంప కేంద్రం తొలి ప్రకటనలో లోతు 40 కిలోమీటర్లని వచ్చింది. అది దాదాపు భూపటలం అడుగు. పాత గట్టి నేల మన దక్కన్‌లో భూకంపాలు సాధారణంగా అంతకన్నా చాలా పైనే పుడతాయి కాబట్టి, అలాంటి తొలి అంకెను తాత్కాలికంగా తీసుకుని, సవరణ కోసం ఆగండి.