153 క్లాకుల లెక్క

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8088 అనే ప్రాసెసర్ ఉండేది. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు దాదాపు 47.7 లక్షల క్లాకులు. క్లాకు అంటే ప్రాసెసర్ పనిని కొలిచే అతి చిన్న కాలమానం అనుకోండి. చిన్న కూడికకు మూడు నాలుగు క్లాకులు పడతాయి, పెద్ద భాగహారానికి నూట యాభైకి పైనే పడతాయి. అదే యంత్రంలో ఫ్లాపీ డిస్కు కూడా ఉండేది. అది తిరుగుతూ ఉంటే ప్రతి 32 మైక్రోసెకన్లకు ఒక బైటు చొప్పున సమాచారం బయటికి వస్తుంది. 32 మైక్రోసెకన్లంటే ఆ ప్రాసెసర్ లెక్కలో సుమారు 153 క్లాకులు.

చిక్కు ఎక్కడంటే, డిస్కు ఎవరికోసమూ ఆగదు. ఫ్లాపీ కంట్రోలర్ చిప్పులో ఒక్క బైటు దాచుకునే చోటే ఉంది. తరవాతి బైటు వచ్చేలోగా ముందుది ఎవరో ఒకరు తీసుకుపోయి మెమరీలో పెట్టాలి. పెట్టకపోతే కంట్రోలర్ ‘ఓవర్‌రన్’ అని తప్పు చూపి చేతులెత్తేస్తుంది. బైటును ఎవరు మోస్తారు, అందుకు ఆ 153 క్లాకుల్లో ఎన్ని ఖర్చవుతాయి అన్నదే ఇక్కడి ప్రశ్న. పాఠ్యపుస్తకాలు మూడు జవాబులు చెప్పి, వాటిని మంచి, మరింత మంచి, అన్నిటికన్నా మంచి అన్నట్టు మెట్లుగా పేరుస్తాయి. లెక్క వేసి చూస్తే ఆ వరస నిలవదు.

మొదటి పద్ధతిలో బైటును ప్రాసెసరే స్వయంగా మోస్తుంది. దీన్ని ప్రోగ్రామ్డ్ ఐఓ అంటారు, క్లుప్తంగా పీఐఓ. ‘బైటు వచ్చిందా?’ అని కంట్రోలర్‌ను అడగడం, రాలేదంటే మళ్లీ అడగడం, వచ్చిందంటే తీసుకుని మెమరీలో పెట్టడం, ఇంతే పని.

```
poll: in   al, dx
      test al, 80h
      jz   poll
```

ఈ మూడు ఆదేశాలు ఒక చుట్టు తిరగడానికి ఇంచుమించు 30 క్లాకులు పడతాయి. బైటు సిద్ధమయ్యాక దాన్ని తీసి, మెమరీలో పెట్టి, లెక్క ఒకటి తగ్గించుకోవడానికి మరో 40 చిల్లర. అంటే 153లో అసలు పని 40 క్లాకులే. మిగతా నూట పదీ అడగడానికే సరిపోతాయి. అయితే ప్రాసెసర్‌కు పోయినవి మాత్రం మొత్తం 153. ఫ్లాపీలో ఒక సెక్టారు 512 బైట్లు. అది చదవడానికి 16.4 మిల్లీసెకన్లు, అంటే 78,200 క్లాకులు పడుతుంది. ఆ సమయంలో యంత్రం మరే పనీ చేయలేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఐబీఎం 1983 నవంబరులో ప్రకటించిన చవక కంప్యూటరు పీసీ జూనియర్ సరిగ్గా ఇలాగే పనిచేసేది. ఖర్చు తగ్గించడానికి అందులో ప్రాసెసర్ బదులు బైట్లు మోసే డీఎంఏ చిప్పు పెట్టలేదు. అందువల్ల ఫ్లాపీ చదివేటప్పుడు మిగతా ఇంటరప్టులన్నీ ఆపేసి, ప్రాసెసర్ డిస్కు దగ్గరే కాపలా కాసేది. ఆ కాసేపట్లో సీరియల్ పోర్టుకు వచ్చిన అక్షరాలు గల్లంతయ్యేవి, నొక్కిన కీలు అందేవి కావు. గోడగడియారంలా సమయం చూసుకునే ఇంటరప్టు కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆ టిక్కులను మరో టైమరు చేత లెక్కపెట్టించి, డిస్కు పని అయ్యాక సరిదిద్దే ఏర్పాటు బయోస్‌లో చేయాల్సి వచ్చింది. ఒక చిప్పు మిగుల్చుకున్నందుకు ఎన్ని అతుకులు వేయాల్సి వచ్చిందో చూడండి. అయినా ఫ్లాపీ చదవడం మాత్రం నిక్కచ్చిగా జరిగేది. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండో పద్ధతి ఇంటరప్టు. ‘మాటిమాటికీ అడగడం ఎందుకు, బైటు రాగానే అదే పిలుస్తుంది, అందాకా ప్రాసెసర్ తన పని చూసుకుంటుంది’ అన్నది దీని వాదం. వినడానికి బాగుంది. కానీ పిండి కలుపుతున్న చేతులతో ఉన్న మనిషిని తలుపు తీయమంటే, తలుపు తీయడం కన్నా చేతులు కడుక్కోవడానికే ఎక్కువసేపు పడుతుంది. ప్రాసెసర్ సంగతీ అంతే. ఇంటరప్టు రాగానే ఎక్కడ ఆగిందో ఆ చోటునూ, ఫ్లాగులనూ స్టాకులో దాచి, ఎవరు పిలిచారో కనుక్కుని, అందుకు తగిన ప్రోగ్రాము చిరునామా వెతకాలి. 8088లో ఒక్క ఈ ప్రవేశానికే దాదాపు 80 క్లాకులు. వాడబోయే రిజిస్టర్లలో పాత విలువలను దాచి, పని అయ్యాక తిరిగి పెట్టడానికి నూరు పైచిలుకు. బైటు ఎక్కడ పెట్టాలో చూసుకుని పెట్టడానికి ఇంకొన్ని, ఇంటరప్టు కంట్రోలర్‌కు ‘అయిపోయింది’ అని చెప్పడానికి కొన్ని, వెనక్కి రావడానికి దాదాపు 40. ఎంత పొదుపుగా రాసినా మొత్తం 300 దాటుతుంది.

మనకున్నవి 153. కాబట్టి ఈ యంత్రంలో ఫ్లాపీ బైట్లను ఒక్కొక్కటిగా ఇంటరప్టుతో మోయడం నిదానం అనడం కాదు, అసలు కుదరదు. పాఠ్యపుస్తకం మొదటి మెట్టు అన్న పీఐఓ చేయగలిగిన పనిని రెండో మెట్టు చేయలేకపోయింది. పైగా ప్రాసెసర్ నడుస్తున్న ఆదేశం మధ్యలో ఇంటరప్టును పట్టించుకోదు, ఆ ఆదేశం ముగియాలి. అది పెద్ద భాగహారమైతే ఒక్కదానికే 160 క్లాకులకు పైగా పట్టవచ్చు. అంటే తలుపు దగ్గరికి రాకముందే బైటు పోయినట్టే.

అలాగని ఇంటరప్టు పనికిరానిదేమీ కాదు. కీబోర్డు సంగతి చూడండి. వేగంగా టైపు చేసేవారు సెకనుకు పది కీలు నొక్కుతారనుకుందాం. ఆ పీసీలో కీ నొక్కినప్పుడు ఒక సంకేతం, వదిలినప్పుడు ఒకటి వస్తాయి కాబట్టి సెకనుకు 20 ఇంటరప్టులు. ఒక్కోదానికి 300 క్లాకులనుకున్నా మొత్తం 6,000. 47.7 లక్షల్లో ఇది వెయ్యోవంతు పైన కాస్త. అదే పీఐఓతో అయితే కీ కోసం ప్రాసెసర్ జీవితమంతా ఎదురుచూడాలి. ఇంటరప్టు ఖర్చు ఎన్నిసార్లు పిలిచారన్నదాన్ని బట్టి పెరుగుతుంది, పీఐఓ ఖర్చు ఎంతసేపు ఎదురుచూశారన్నదాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే అరుదుగా మాట్లాడే పరికరానికి ఇంటరప్టు, గుక్కతిప్పుకోకుండా మాట్లాడేదానికి పీఐఓ నప్పుతాయి.

మూడోది డీఎంఏ. బైట్లు మోయడానికి విడిగా ఒక చిప్పునే పెట్టడం. ఐబీఎం పీసీలో అది ఇంటెల్ 8237. సెక్టారు చదవబోయే ముందు ప్రాసెసర్ దానికి మెమరీలో ఏ చిరునామా నుంచి పెట్టాలో, ఎన్ని బైట్లో చెబుతుంది. అందుకు ఏడెనిమిది ఆదేశాలు, మహా అయితే 200 క్లాకులు. ఆ తరవాత ఫ్లాపీ కంట్రోలర్ బైటు సిద్ధం చేసినప్పుడల్లా 8237ను పిలుస్తుంది. అది ప్రాసెసర్‌నూ మెమరీనీ కలిపే బస్సును కాసేపు తన చేతిలోకి తీసుకుని, బైటును నేరుగా మెమరీలోకి పంపి, బస్సును తిరిగి ఇచ్చేస్తుంది. ఒక్కో బైటుకు 5 క్లాకులు. దీన్నే ‘సైకిల్ స్టీలింగ్’, అంటే సైకిళ్ల దొంగతనం అంటారు. 153లో 5 అంటే నూటికి మూడు పైన.

సెక్టారు మొత్తానికి లెక్క వేద్దాం. 512 బైట్లకు 2,560 క్లాకులు, మొదట చెప్పిన 200, చివర్లో ‘అన్నీ అయ్యాయి’ అని వచ్చే ఒక్క ఇంటరప్టుకు 300. వెరసి 3,100 లోపు. పీఐఓకు 78,200 అయిన పని ఇది. ఇంటరప్టుతో చేయబోతే 1,53,600 కావాలి, ఉన్నదానికి దాదాపు రెట్టింపు.

దొంగతనం అన్నా, దొంగిలించింది ప్రాసెసర్‌నుంచి కాదు, బస్సు నుంచి. ఈ తేడా చిన్నది కాదు. 8088 రాబోయే ఆదేశాలను నాలుగు బైట్ల వరకు ముందే తెచ్చి పెట్టుకుంటుంది. లోపల ఏదో గుణకారం చేస్తూ ఉంటే దానికి బస్సుతో పనే ఉండదు, ఆ సమయంలో 8237 బస్సు వాడుకున్నా దానికి తెలియదు. సరిగ్గా అప్పుడే మెమరీ కావాల్సి వస్తే మాత్రం ఆ అయిదు క్లాకులూ ఆగాలి. కాబట్టి 3,100 అన్నది పైహద్దు, అసలు నష్టం అంతకన్నా తక్కువే.

డీఎంఏకూ హద్దులున్నాయి. 8237 చిరునామా 16 బిట్లే, అంటే 64 కిలోబైట్ల మేర. అంతకు పై బిట్లను పక్కన వేరే రిజిస్టరులో పెట్టారు, మోత మధ్యలో అది మారదు. మీరిచ్చిన మెమరీ భాగం 64 కేబీ గీత దాటితే బైట్లు గీత అవతలికి వెళ్లకుండా వెనక్కి తిరిగి మొదటికే వస్తాయి. బయోస్ దీన్ని ముందే పసిగట్టి, చదవకుండా 09h అనే తప్పు సంఖ్య తిప్పికొడుతుంది. బైటు సకాలంలో అందకపోతే వచ్చే సంఖ్య 08h. అప్పట్లో ఫ్లాపీ ప్రోగ్రాములు రాసినవారు ఈ రెంటినీ చూసే వ్యాధి ఏదో చెప్పేవారు.

అసలు మలుపు 1984లో పీసీ ఏటీ వచ్చాక కనిపించింది. ఫ్లాపీకి డీఎంఏనే ఉంచిన ఐబీఎం, అంతకన్నా ఎంతో వేగమైన హార్డ్ డిస్కుకు మాత్రం పీఐఓకు వెనక్కి వెళ్లింది. కారణం రెండు వైపులా ఉంది. కొత్త 80286 ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే డీఎంఏ చిప్పు అందులో సగం వేగానికే పరిమితమైంది. మరోవైపు హార్డ్ డిస్కు కంట్రోలర్‌లో ఒక సెక్టారంతా దాచుకునే చోటుంది. సెక్టారు నిండాక ఒక్క ఇంటరప్టు, ఆ వెంటనే `rep insw` అనే ఒక్క ఆదేశంతో 256 జంట బైట్లు వరసగా మెమరీలోకి. ‘వచ్చిందా?’ అని ప్రతి బైటుకూ అడిగే పని లేదు, ప్రతి బైటుకూ పిలిచే పనీ లేదు. ఇంటరప్టుకయ్యే 300 క్లాకులు 512 బైట్ల మీద పంచుకుంటే బైటుకు ఒక్క క్లాకు కూడా పడదు. నన్నడిగితే, ఈ మూడు పద్ధతుల మధ్య పోటీలో అసలు తీర్పరి ఆ చిన్న దాపుడు చోటే.

తరవాతి ఏళ్లలో తక్కెడ మళ్లీ డీఎంఏ వైపు మొగ్గింది. ప్రాసెసర్లు వందల రెట్లు వేగం పెరిగాయి, తీగ మీద పీఐఓ మాత్రం అంత పెరగలేదు. దాని అత్యధిక స్థాయిగా ఎక్కువగా వాడిన నాలుగో మోడ్‌లో రెండు బైట్లు రావడానికి 120 నానోసెకన్లు పడుతుంది. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 120 క్లాకులు, ఆ సేపంతా అది ఒకే ఆదేశం మీద నిలబడిపోతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాలామంది ఇది తెలియకుండానే అనుభవించారు. డిస్కు కేబులు వదులై డీఎంఏ మోతలో తప్పులు ఆరు పోగుపడితే, విండోస్ ఏమీ చెప్పకుండా ఆ డిస్కు వేగాన్ని ఒక మెట్టు దించేది, తప్పులు ఆగకపోతే అలా దించుతూ చివరికి పీఐఓకు చేర్చేది. పాట ఆగి ఆగి వచ్చేది, మౌస్ బాణం గెంతేది, వైరస్సేమో అని జనం కంప్యూటరంతా గాలించేవారు. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానల్ తెరిచి ప్రస్తుత బదిలీ పద్ధతి చూస్తే ‘పీఐఓ’ అని కనబడేది. కేబులు మార్చి, ఆ చానల్‌ను జాబితాలోంచి తీసేసి, కంప్యూటరును మళ్లీ మొదలుపెడితే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏకు ఎక్కించేది.