తిరగలి రాయి ఎక్కడ తిరగాలి?

కంప్యూటర్ ఆటల్లో కనిపించే బిందెలు, రోళ్లు, లాంతర్లు, తలుపులు చేయడం నా పని. ఆట తయారుచేసేవాళ్లు ప్రతి వస్తువునూ మొదటినుంచి చేసుకోలేరు. అందుకని నలభై యాభై వస్తువులు ఒక జిప్ ఫైల్లో కట్టి ఇస్తాం. దాన్ని ప్రాప్ ప్యాక్ అంటారు. ఈమధ్య పల్లెటూరి ఇంటి సామాన్ల ప్యాక్ ఒకటి చేశాను. అన్నీ కార్టూన్ పోలికలో ఉంటాయి: బిందె కడుపు కాస్త ఎక్కువ ఉబ్బి, తలుపు చెక్కలు మందంగా, అంచులు కొంచెం వంకరగా. ఆ జిప్పులో `README.txt` అని ఒక చిన్న ఫైలుంది. నేనెవరో తెలియని మనిషి, నన్ను ఒక్క మాటా అడక్కుండా ఆ వస్తువుల్ని వాడుకోగలిగితేనే ఆ ఫైలు సరిగ్గా ఉన్నట్టు. అది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ముందు కొలతల సంగతి. నేను బొమ్మలు చేసే బ్లెండర్‌లో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. యూనిటీ, గోడో ఇంజిన్లలోనూ అంతే. అన్‌రియల్‌లో మాత్రం ఒక యూనిట్ ఒక సెంటీమీటరు. వీటి మధ్య బొమ్మను మోసుకెళ్లే ఎఫ్‌బీఎక్స్ ఫైలు కూడా సెంటీమీటర్లలోనే లెక్కపెడుతుంది. ఈ వంద రెట్ల తేడాను ఎవరో ఒకరు సర్దాలి. సర్దకుండా పంపితే యూనిటీలో బిందె చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, పక్కన `Scale` దగ్గర 100 అని కనిపిస్తుంది. ఆట రాసేవాళ్ల ప్రోగ్రాములో ఎక్కడో ఆ అంకె 1కి మారిందంటే, 45 సెంటీమీటర్ల బిందె మిరియపు గింజంత అయిపోతుంది. బిందె మాయమైందని వాళ్లు రోజంతా వెతుక్కుంటారు. బ్లెండర్‌లో వస్తువు స్కేలును ముందు `Ctrl+A`తో ఖాయం చేసి, ఎగుమతి చేసేటప్పుడు `Apply Scalings` దగ్గర `FBX All` ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

పొరపాటు పదిరెట్లదైతే ఇంకో రకంగా బయటపడుతుంది. చూరుకు కట్టిన ఉట్టి మీదినుంచి, అంటే 1.25 మీటర్ల ఎత్తునుంచి, కుండ పడితే నేలను తాకడానికి అర సెకను పడుతుంది. ఇల్లు, ఉట్టి, కుండ అన్నీ పదిరెట్లు పెద్దవైతే అదే కుండ 12.5 మీటర్లు దిగాలి, సెకనున్నరకు పైగా పడుతుంది. తెరమీద అంతా మామూలు సైజులోనే ఉన్నట్టుంటుంది, కుండ మాత్రం దూదిలా తేలుతూ దిగుతుంది. వస్తువులు నెమ్మదిగా పడుతున్నాయని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది కుండ ఎత్తెంత అనే.

కార్టూన్ పోలికలో ఇంకో చిక్కుంది. తల పెద్దగా ఉండే పాత్ర మామూలు కొలతల తలుపులోంచి పట్టదు. అందుకే తలుపును కావాలని వెడల్పు చేశాను. ఏ మనిషిని మనసులో పెట్టుకుని చేశానో చెప్పకపోతే ఆ వెడల్పు చూసినవాళ్లకు తప్పులా కనిపిస్తుంది. కాబట్టి ప్యాకులో ముఖం లేని మనిషి బొమ్మ ఒకటి కూడా పెట్టి ఇలా రాశాను:

```
SCALE     1 unit = 1 m (Unreal: 100 units)
RefHuman  1.60 m
Binde_01  0.45 m
Door_01   1.20 x 2.20 m
```

దిగుమతి చేసుకోగానే మనిషి పక్కన బిందె పెట్టి చూస్తే, కొలత తప్పిందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక పివట్. ఇదంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పివట్ అంటే వస్తువుకు ఇరుసు. ఆ బిందువు చుట్టూనే అది తిరుగుతుంది, ఆ బిందువు దగ్గరే నేలమీద ఆనుతుంది. బిందెకు పివట్ అడుగున మధ్యలో ఉండాలి. కడుపు మధ్యలో ఉంటే నేలమీద పెట్టగానే సగం మట్టిలో దిగబడుతుంది. తలుపుకు బందులున్న వైపు, లాంతరుకు పైన కమ్మీ దగ్గర ఉండాలి. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది, లాంతరు గాలికి ఊగుతుంది.

తిరగలి దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. కింది రాయి కదలదు. పై రాయి నడుమనున్న రంధ్రంలోంచి వచ్చే ఇనప చువ్వ చుట్టూ తిరుగుతుంది. చేత్తో పట్టుకునే పిడి అంచున ఉంటుంది. మొదట పిడినీ రాయినీ కలిపి, పివట్‌ను కొలతల మధ్యబిందువు దగ్గర పెట్టమని సాఫ్ట్‌వేర్‌కే వదిలేశాను. పిడి ఒకవైపే పొడుచుకొచ్చి ఉండటంతో ఆ మధ్య కాస్త అటు జరిగింది. జరిగింది మూడు సెంటీమీటర్లే, అయినా తిప్పితే పై రాయి తప్పతాగినట్టు తూలింది. ఇప్పుడు పివట్ సరిగ్గా రంధ్రం మధ్యలో ఉంది. రీడ్‌మీలో `Tiragali_Top` ఒక్కటే తిరుగుతుందని, నిలువు అక్షం యూనిటీ, గోడోల్లో `Y`, అన్‌రియల్‌లో `Z` అని రాశాను.

అంతకుముందు చేసిన ప్యాకులో ఇంతకన్నా పెద్ద తప్పే చేశాను. వస్తువులన్నిటినీ బ్లెండర్‌లో సంతలో పరిచినట్టు వరసగా పేర్చి అలాగే ఎగుమతి చేశాను. అన్‌రియల్ మామూలుగా దృశ్యం మధ్యబిందువునే వస్తువుకు పివట్‌గా తీసుకుంటుంది. నా వరసలో లాంతరు ఆ మధ్యకు 12 మీటర్ల దూరంలో ఉంది. కొన్నాయన రాశారు: "సార్, లాంతరు తిప్పితే ఊరి చివరిదాకా వెళ్లి వస్తోంది." అప్పటినుంచి ఒక్కో వస్తువునూ సున్నా దగ్గరికి తెచ్చి, దేని ఫైలు దానికి విడిగా ఇస్తున్నాను.

మెటీరియల్ సంగతి చిన్నదే. ప్యాకు మొత్తానికి రంగుల గళ్లున్న బొమ్మ ఒక్కటే ఉంటుంది. ప్రతి వస్తువూ తనకు కావలసిన గడిలోంచి రంగు తీసుకుంటుంది. అందరిదీ ఒకే మెటీరియల్ అయితే ఆట తేలిగ్గా నడుస్తుంది. కానీ దూరంనుంచి చూసినప్పుడు పక్క గడి రంగు అంచుల్లోకి కారినట్టు కనిపిస్తే, ఆ బొమ్మకు మిప్‌మ్యాప్‌లు ఆపేయాలి. ఇత్తడి బిందె మెరవాలి, మట్టికుండ మెరవకూడదు కాబట్టి ఇత్తడికి రెండో మెటీరియల్ పెట్టాను. బ్లెండర్‌లో గరుకుదనాన్ని కొలుస్తారు, మట్టికి అది 0.9. యూనిటీలో కొలిచేది నునుపు, అది దానికి తిరగేసిన లెక్క, అంటే 0.1 పెట్టాలి. అక్కడా 0.9 అని కొడితే మట్టికుండ పింగాణీలా తళతళలాడుతుంది. వస్తువులన్నీ గులాబీ రంగులో వస్తే మాత్రం అది రంగుల తప్పు కాదు, ఆ ప్రాజెక్టుకు షేడర్ కుదరలేదని అర్థం. యూఆర్‌పీ వాడేవాళ్లు `Universal Render Pipeline/Lit` ఎంచుకుంటే సరిపోతుంది.

చివరిది లైసెన్సు. చాలామంది చదవకుండా వదిలేసేది ఇదే, చిక్కులొచ్చేదీ ఇక్కడే. దారులు ముఖ్యంగా మూడు. సీసీ0 అంటే నా హక్కులు వదులుకున్నట్టు. ఎవరైనా వాడొచ్చు, అమ్మొచ్చు, నా పేరు చెప్పక్కర్లేదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేను. సీసీ బై 4.0లోనూ అమ్మొచ్చు, మార్చొచ్చు, కాకపోతే చేసినవాళ్ల పేరు, లైసెన్సు లింకు ఇవ్వాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. మూడోది సొంత షరతులు. అమ్మే ప్యాకు కాబట్టి నేను మూడోదే పెట్టాను. ఆటలో కలిపి ఆటను అమ్ముకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, ఆ ఆటకు పనిచేసే బయటివాళ్లకు ఫైళ్లు ఇవ్వొచ్చు. ఫైళ్లను ఫైళ్లుగానే, రంగు మార్చి అయినా సరే, ఇంకొకరికి అమ్మకూడదు, పంచకూడదు.

అయితే నాది కానిదానికి నేను అనుమతి ఇవ్వలేను. తలుపు చెక్కకు మొదట వాడిన చారల బొమ్మ ఎన్నేళ్ల కిందటో ఎక్కణ్నుంచో దించుకుని దాచుకున్నది. ఎవరిదో, ఏ షరతు మీద ఇచ్చారో ఎంత వెతికినా దొరకలేదు. దాన్ని తీసేసి చారలు చేత్తో గీశాను, రెండు రోజులు పట్టింది. ఇప్పుడు జిప్పులో `LICENSE.txt` విడిగా ఉంది. అందులో ప్యాకు వెర్షను, తేదీ, ప్రతి వస్తువుకూ నేను వాడిన బొమ్మ ఎక్కడిదో ఒక్కో వరస ఉన్నాయి. తలుపు ఎదురుగా "సొంతంగా గీసినది" అని ఉంది.