కంద పద్యానికి ఎన్ని నడకలు?

కందం చెప్పినవాడే కవి అని మనవాళ్ల నానుడి. నన్నయ భారతంలోనూ, సుమతీ శతకంలోనూ కనిపించే ఈ చిన్న పద్యం చదవడానికి ఎంత తేలికో, కట్టడానికి అంత మొండిది. కందం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నియమాలు చూసి బెదిరిపోతారు. ఆ నియమాలు నిజంగా ఎన్ని దారులు మూస్తాయి, ఎన్ని తెరిచి ఉంచుతాయి? దీనికి కచ్చితమైన అంకె చెప్పవచ్చు. అందుకు రెండు పనిముట్లు చాలు. ఒకటి జనరేటింగ్ ఫంక్షన్, రెండోది ఇన్‌క్లూజన్-ఎక్స్‌క్లూజన్ అనే కూడిక తీసివేతల పద్ధతి.

ముందు కందం స్వరూపం. లఘువు (I) ఒక మాత్ర, గురువు (U) రెండు మాత్రలు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. మొదటి పాదంలో మూడు గణాలు, రెండో పాదంలో అయిదు. మూడు, నాలుగు పాదాలు మళ్లీ ఇదే తీరు. అంటే పద్యంలో సగానికి ఎనిమిది గణాలు. మొదటి పాదానికి 12 మాత్రలు.

గణాల సంగతి కాసేపు పక్కన పెట్టి, లఘుగురువులతో 12 మాత్రలు ఎన్ని రకాలుగా నింపవచ్చో చూద్దాం. n మాత్రలు నింపే పద్ధతుల సంఖ్యను f(n) అనుకుందాం. చివరి అక్షరం లఘువైతే దాని ముందున్నవి n−1 మాత్రలు, గురువైతే n−2. మూడో దారి లేదు. కాబట్టి

f(n) = f(n−1) + f(n−2)

ఇలా ముందరి విలువల నుంచి తర్వాతి విలువను చెప్పే సూత్రమే రికరెన్స్. ప్రాకృత ఛందస్సు మీద రాసిన విరహాంకుడికి ఇది తెలుసు. 1150 ప్రాంతంలో హేమచంద్రుడు కూడా ఇదే చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచ్చి కుందేళ్ల లెక్క రాసింది 1202లో. ప్రపంచం ఆయన పేరుతో పిలుస్తున్న అంకెలను మనవాళ్లు పద్యాలు లెక్కపెడుతూ ముందే పట్టుకున్నారన్నమాట.

ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోతే 1, 2, 3, 5, 8, 13, 21 అని సాగి, 12 మాత్రల దగ్గర 233 వస్తుంది. మరి జనరేటింగ్ ఫంక్షన్ ఎందుకు? మెట్లెక్కితే అంకె ఒక్కటే దొరుకుతుంది. ఆ అంకె లోపల ఏముందో కనబడదు.

పద్ధతి ఇది. ఈ విలువలన్నిటినీ ఒకే శ్రేణిలో గుణకాలుగా రాస్తాం:

A(x) = f(0) + f(1)x + f(2)x² + f(3)x³ + …

ఇక్కడ x కి విలువ ఏదీ ఇవ్వం. అది స్థానాన్ని గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే. A నుంచి xA, x²A తీసేయండి. xⁿ దగ్గర మిగిలేది f(n) − f(n−1) − f(n−2), అంటే సున్న. మొదటి పదం తప్ప అన్నీ కొట్టుకుపోతాయి. f(0) = 1 కనుక

A(x) = 1 / (1 − x − x²)

అంతులేని శ్రేణి మొత్తం ఒక చిన్న భిన్నంలో ఇమిడిపోయింది.

ఈ f(0) దగ్గరే చాలామంది జారతారు. సున్న మాత్రలు నింపే పద్ధతులు ఎన్ని? సున్న అనిపిస్తుంది, కానీ ఒకటి: ఏమీ రాయకపోవడం. f(0) = 0, f(1) = 1 అని మొదలుపెట్టి అదే రికరెన్స్ వాడితే f(2) = 1 వస్తుంది. రెండు మాత్రలకు II, U అని రెండు రూపాలు కళ్లెదుటే ఉన్నాయి కనుక తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఏ రికరెన్స్‌కైనా మొదటి రెండు మూడు విలువలను చేత్తో రాసి సరిచూసుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ భిన్నాన్ని రెండు రకాలుగా విప్పవచ్చు. మొదటిది గుణశ్రేఢిగా:

1 / (1 − (x + x²)) = 1 + (x + x²) + (x + x²)² + …

నాకు అన్నిటికంటే నచ్చే మెట్టు ఇదే. (x + x²) అంటే ఒక అక్షరం: లఘువైతే x, గురువైతే x². దాని k వ ఘాతం అంటే k అక్షరాల పాదం. కాబట్టి 233ని అక్షరాల సంఖ్యను బట్టి విడగొట్టవచ్చు. 12 మాత్రల్లో k అక్షరాలుంటే గురువులు 12 − k, వాటిని ఎక్కడెక్కడ పెట్టాలో ఎంచుకోవడమే మిగిలిన పని. ఆరు అక్షరాలవి (అన్నీ గురువులే) 1, ఏడు అక్షరాలవి 21, ఎనిమిదివి 70, తొమ్మిదివి 84, పదివి 45, పదకొండువి 11, అన్నీ లఘువులైన పన్నెండు అక్షరాలది 1. కలిపితే 233.

రెండోది ఇంటర్‌లో అందరం చేసిన పాక్షిక భిన్నాల దారి. 1 − x − x² ని (1 − ax)(1 − bx) గా విడగొడితే a = (1 + √5)/2, b = (1 − √5)/2. ఒక్కో ముక్కనూ గుణశ్రేఢిగా విప్పితే

f(n) = (aⁿ⁺¹ − bⁿ⁺¹) / √5

a దాదాపు 1.618, b దాదాపు −0.618. b ఘాతాలు వేగంగా కరిగిపోతాయి కనుక మొదటి ముక్క చాలు: n = 12 కి అది 232.9991. దగ్గరి పూర్ణాంకం 233. 1730లో ద మ్వావ్ర్ ఈ శ్రేణుల పద్ధతిని వాడి ఇలాంటి సూత్రాలు తెచ్చాడు. మాత్ర ఒకటి పెరిగితే నడకలు సుమారు 1.618 రెట్లు పెరుగుతాయన్న సంగతి ఈ రూపంలోనే తేటగా కనిపిస్తుంది.

ఇక గణాల దగ్గరికి వద్దాం. 233 నడకల్లో కొన్ని కందానికి పనికిరావు. నాలుగు మాత్రలకొక గట్టు ఉంది, ఏ గురువూ ఆ గట్టుకు అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోకూడదు. 12 మాత్రల పాదంలో గట్లు రెండు: 4వ మాత్ర తర్వాత ఒకటి, 8వ మాత్ర తర్వాత ఒకటి.

మొదటి గట్టును దాటే నడకలెన్ని? గురువు 4, 5 మాత్రలను ఆక్రమించింది. ముందు 3 మాత్రలు, వెనుక 7. కాబట్టి f(3) × f(7) = 3 × 21 = 63. రెండో గట్టుకూ అంతే, 63. రెండూ తీసేస్తే 233 − 126 = 107. అయితే III U II U III లాంటి నడక రెండు గట్లనూ దాటింది. దాన్ని రెండుసార్లు తీసేశాం. అలాంటివాటిని ఒకసారి తిరిగి కలపాలి. గురువులు 4-5లోనూ, 8-9లోనూ ఉంటే మధ్యలో మిగిలేవి 6, 7 మాత్రలు రెండే. (నాలుగని వేస్తే లెక్క తప్పుతుంది.) f(3) × f(2) × f(3) = 3 × 2 × 3 = 18.

233 − 126 + 18 = 125

సరిచూసుకోవడం సులువు. నాలుగు మాత్రల గణాలు అయిదే: గగ, భ, జ, స, నల. మూడు గణాల పాదానికి 5 × 5 × 5 = 125. రెండు దారులూ ఒకేచోట కలిశాయి. ఇంకో పరీక్ష: సరిగ్గా ఒక్క గట్టునే దాటేవి 126 − 36 = 90, రెండూ దాటేవి 18, ఏదీ దాటనివి 125. మొత్తం 233. 'కనీసం ఒకటి'కీ 'సరిగ్గా ఒకటి'కీ తేడా మరిచిపోయేవాళ్లకు ఈ కూడిక బాగా పనికొస్తుంది.

గుణకారంతో తేలేదానికి ఇంత తతంగం ఎందుకని అడగవచ్చు. న్యాయమే. గుణకారం చేతులెత్తేసే ప్రశ్న కూడా కందంలోనే ఉంది. మిగతా నియమాలివి: బేసి స్థానాల్లో జగణం రాకూడదు, ఆరో గణం జగణమో నలమో కావాలి, ఎనిమిదో గణం చివర గురువుండాలి, అంటే అది గగ గాని స గాని. 1, 3, 5, 7 స్థానాలకు నాలుగేసి, 2, 4 స్థానాలకు అయిదేసి, 6, 8 స్థానాలకు రెండేసి. సగం పద్యానికి 256 × 25 × 4 = 25,600 నడకలు. బెదిరిపోవాల్సినంత ఇరుకేమీ కాదు!

వీటిలో అయిదు గణాలూ కనీసం ఒక్కసారైనా వచ్చేవి ఎన్ని? ఇక్కడ ఒక్కో స్థానాన్ని విడిగా చూసి గుణిస్తే కుదరదు, ఎందుకంటే 'కనీసం ఒక్కసారి' అన్న షరతు ఎనిమిది స్థానాలనూ కలిపి కట్టేస్తుంది. రాని గణాలను బట్టి తీసేస్తూ, ఎక్కువ తీసినదాన్ని కలుపుతూ పోవాలి.

ఆరోది జగణం, ఎనిమిదోది గగ అనుకుందాం. ఇక భ, స, నల మూడూ మిగతా ఆరు స్థానాల్లో (1, 2, 3, 4, 5, 7) రావాలి. షరతు లేకుండా 4⁴ × 5² = 6,400. మూడింటిలో ఒకటి మానేస్తే 3⁴ × 4² = 1,296, అలాంటివి మూడు. రెండు మానేస్తే 2⁴ × 3² = 144, అవీ మూడు. మూడూ మానేస్తే బేసి స్థానాల్లో గగ ఒక్కటే, 2, 4 స్థానాల్లో గగ గాని జ గాని, కనుక 4.

6,400 − 3,888 + 432 − 4 = 2,940

ఎనిమిదోది స అయినా ఇంతే కాబట్టి 5,880. ఆరోది నలమైతే జగణానికి 2, 4 స్థానాలే గతి, అందుకని లెక్క సమానంగా నడవదు:

6,400 − (1,296 + 1,296 + 4,096) + (144 + 729 + 729) − 64 = 1,250

ఇందులో 4,096 అంటే జగణం రాకపోతే ఆరు స్థానాలకూ నాలుగేసి. 729 అంటే జగణంతోపాటు భ, స లలో ఒకటి కూడా మానేస్తే మూడేసి. 64 అంటే మూడూ మానేస్తే రెండేసి. దీన్నీ రెట్టిస్తే 2,500. మొత్తం 8,380, అంటే 25,600లో మూడో వంతుకు కాస్త తక్కువ.

ఈ లెక్కకు ఒక హద్దుంది. యతి, ప్రాస మాత్రలకు చెందినవి కావు, అక్షరాలకు చెందినవి. వాటిని ఈ శ్రేణులు పట్టుకోలేవు. పాదాలన్నీ లఘువుతోనే గాని, గురువుతోనే గాని మొదలవ్వాలన్న నియమం మాత్రం పట్టుబడుతుంది. ఒకటో గణంలో లఘువుతో మొదలయ్యేవి రెండు, గురువుతో రెండు. నాలుగో గణంలో లఘువుతో మూడు, గురువుతో రెండు. ఆ రెండు స్థానాలకున్న 20 జంటల్లో 6 + 4 = 10 నిలుస్తాయి కనుక 25,600 సరిగ్గా సగమై 12,800 అవుతుంది. 8,380 మాత్రం సగమవుతుందని అనుకోవద్దు. దాన్ని లఘువుకూ గురువుకూ విడివిడిగా మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి.